హైదరాబాద్ నుంచి తిరుమలకు నడక: ఏ రోజు ఎంత దూరం పెట్టుకోవాలి?

మొదటిసారి మేం వేసుకున్న లెక్క చాలా సులువుగా తేలిపోయింది. ఆరాంఘర్ చౌరస్తాలో బయల్దేరి కర్నూలు, నంద్యాల, కడప మీదుగా తిరుపతి చేరాలంటే దాదాపు 545 కిలోమీటర్లు. రోజుకు 25 నడిస్తే 22 రోజులు. అక్క, బావ, నేను ఆ లెక్క పట్టుకుని బయల్దేరాం. ఆరో రోజు పొద్దున కొత్తకోట దాటకముందే బావ రోడ్డు పక్కన కూలబడ్డాడు. ప్యాంటు పైకి మడిచి మోకాలి కింద ముందు ఎముకను బొటనవేలితో నొక్కుకుంటూ పైనుంచి కిందికి వచ్చాడు. ఒకచోట నొక్కగానే "అబ్బా" అన్నాడు. ఒక రూపాయి బిళ్లంత చోటు, అంతే. దాని పైన నొప్పి లేదు, కింద లేదు. ఆ రోజే బస్సెక్కి ఇంటికొచ్చేశాం. డాక్టరు ఆరు వారాలు నడక వద్దన్నారు.

రెండోసారి అదే దారిని 39 రోజులకు పరిచి నడిచాం. ముగ్గురమూ చేరాం. కింద చెప్పేదంతా ఆ 39 రోజుల పట్టిక ఎలా వేసుకున్నాం, ఎందుకలా వేసుకున్నాం అన్నదే. దూరాలన్నీ రౌండు అంకెలు. మీరు బయల్దేరే చోటును బట్టి, బైపాస్‌లో వెళ్తారా ఊళ్లోంచి వెళ్తారా అన్నదాన్ని బట్టి ఒకటి రెండు కిలోమీటర్లు అటూ ఇటూ అవుతాయి.

మొదట మీ కాళ్ల లెక్క తేల్చుకోండి

ప్రయాణానికి నెలన్నర ముందు, వరసగా రెండు రోజులు, నడకలో మోసే సంచీ అదే బరువుతో భుజాన వేసుకుని, అవే చెప్పులో బూట్లో తొడుక్కుని తారు రోడ్డు మీద 15 కిలోమీటర్ల చొప్పున నడవండి. పార్కులో మట్టి దారి మీద నడిస్తే ఈ పరీక్షకు విలువ లేదు. మొదటి రోజు ఎలా ఉందో పట్టించుకోకండి, అందరికీ బాగానే ఉంటుంది. మూడో రోజు పొద్దున మంచం దిగి మొదటి పది అడుగులు ఎలా వేశారో చూసుకోండి. బిగుసుకున్నట్టుండి రెండు నిమిషాల్లో సర్దుకుంటే 15 మీ మూల దూరం. కుంటుతూ నడిస్తే 12కు తగ్గించి మళ్లీ వారం చూడండి. హాయిగా ఉంటే 18తో ప్రయత్నించండి.

గుంపుగా వెళ్లేవాళ్లు అందరి మూల దూరాలనూ కలిపి సగటు తీస్తుంటారు. అలా చేయకూడదు. అందరిలోకీ తక్కువ ఉన్నవారిదే గుంపు మూల దూరం. మాలో నాది 18, అక్కది 17, బావది 15. పట్టిక 15 మీద వేశాం. మొదటి వారం రోజువారీ సగటు మూల దూరం దగ్గరే ఉండాలి. మొత్తం ప్రయాణంలో ఏ ఒక్క రోజూ దానికి ఒకటిన్నర రెట్లు దాటకూడదు. అంటే మాకు 22-23. ఒక్క రోజు మాత్రం 25 పెట్టుకున్నాం. అది మైదుకూరు నుంచి కడపకు. మర్నాడు పూర్తి విశ్రాంతి ఉంది కాబట్టే పెట్టాం.

మాలలో ఉండి చెప్పులు లేకుండా నడిచేవాళ్లు ఈ పరీక్షను వట్టికాళ్లతోనే చేయాలి. చెప్పులతో 15 నడిచిన మనిషికి తారు మీద వట్టికాళ్లతో 10 వచ్చినా బాగా వచ్చినట్టే.

దూరాన్ని గంటల్లోకి కూడా మార్చుకోండి. సంచీతో, నీళ్లకూ టీకీ ఆగుతూ నడిస్తే గంటకు మూడున్నర కిలోమీటర్లు పడుతుంది. 17 అంటే అయిదు గంటలు, 25 అంటే ఏడు దాటుతుంది. తెల్లవారుజామున అయిదున్నరకు బయల్దేరితే 17 కిలోమీటర్లు పదిన్నరకల్లా అయిపోతాయి. మిగతా రోజంతా కాళ్లు తేరుకోవడానికి ఉంటుంది. 25 పెట్టుకున్న రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు దిగుతాం, బట్టలు ఉతికి తినేసరికి సాయంత్రమవుతుంది. మర్నాడు అయిదున్నరకల్లా మళ్లీ లేవాలి. 25లో మనల్ని దెబ్బతీసేది ఆ చివరి ఎనిమిది కిలోమీటర్లే కాదు, దానివల్ల పోయే విశ్రాంతి కూడా.

అయిదున్నర కన్నా ముందు హైవే ఎక్కమని నేను ఎవరికీ చెప్పను. రాత్రంతా లారీ నడిపిన డ్రైవర్లకు నిద్ర ముంచుకొచ్చే వేళ అది. వీపు మీద మెరిసే జాకెట్, చేతిలో టార్చి, ఎదురుగా వచ్చే వాహనాలు కనపడేలా రోడ్డుకు కుడి పక్క నడక. ఈ మూడూ ఉండాల్సిందే.

చేరే తేదీ నుంచి వెనక్కి లెక్కేయండి

అందరూ దసరా అయిపోగానే ఎండ తగ్గిందని బయల్దేరాలనుకుంటారు. హైదరాబాద్ నుంచి కర్నూలు దాకా అది మంచి కాలమే. కానీ అప్పుడు బయల్దేరితే కడప, రాజంపేట, కోడూరు ప్రాంతానికి సరిగ్గా నవంబరులో చేరతారు. ఈశాన్య రుతుపవనాల వానలు, తుఫాన్లు అక్కడ జోరుగా ఉండే నెల అది. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి కింది ఊళ్లు కొట్టుకుపోయింది ఈ దారి పక్కనే.

అందుకే చేరే తేదీని జనవరి రెండో సగంలో పెట్టుకుని వెనక్కి లెక్కేయండి. 39 రోజులు వెనక్కి వస్తే డిసెంబరు రెండో వారం తర్వాత బయల్దేరాలి. ఆ ఏడాది వైకుంఠ ఏకాదశి ఎప్పుడొస్తుందో చూసుకోండి. అప్పుడు పది రోజులపాటు వైకుంఠ ద్వారం తెరిచి ఉంచుతున్నారు కాబట్టి తిరుపతిలో గది దొరకడమే కష్టం. నెల పైన నడిచి వచ్చిన కాళ్లతో గంటల తరబడి క్యూలో నిలబడటం నడక కన్నా కష్టం. దర్శనం టికెట్ ముందే తీసుకునేవాళ్లు పట్టిక ప్రకారం చేరే రోజుకు కాకుండా, ఇంకో రెండు మూడు రోజుల తర్వాతి తేదీకి తీసుకోండి. ఆ రెండు మూడు రోజులూ పట్టికకు ఊపిరి. టికెట్ తేదీ తరుముతుంటే నొప్పి వచ్చినా ఎవరూ ఆగరు.

ముందు ఊళ్లు, తర్వాత అంకెలు

కాగితం మీద 15, 15, 15 అని రాసుకుంటే పదిహేనో కిలోమీటరు దగ్గర పొలం ఉండొచ్చు, టోల్‌గేటు ఉండొచ్చు. కాబట్టి మొదట దారిలో రాత్రి పడుకోగలిగే చోట్లు రాసుకోండి. లాడ్జీ, సత్రం, కల్యాణ మండపం, గుడి ఆవరణ, తెలిసినవాళ్ల ఇల్లు, ఏదైనా సరే. ఫోన్ చేసి కనుక్కున్న చోటును పెన్నుతో, కనుక్కోనిదాన్ని పెన్సిల్‌తో రాయండి. ఆ తర్వాత వాటి మధ్య దూరాలు వేయండి.

అలా రాస్తే ఈ దారి స్వభావం మీకే కనిపిస్తుంది. ఆరాంఘర్ నుంచి జడ్చర్ల దాకా దాదాపు ప్రతి 15 కిలోమీటర్లకూ ఒక ఊరు తగులుతుంది: శంషాబాద్, కొత్తూరు, షాద్‌నగర్, బాలానగర్. మొదటి వారానికి ఇంతకన్నా అనువైన దారి ఉండదు. కర్నూలు దాటాక మాత్రం ఓర్వకల్లుకూ పాణ్యానికీ మధ్య 30 కిలోమీటర్ల పైన బస చేయదగ్గ ఊరు లేదు. కోడూరు దాటాక శెట్టిగుంట, బాలపల్లె వైపు శేషాచలం అడవి వస్తుంది, అక్కడా అంతే.

ఇలాంటి ఖాళీల దగ్గరే చాలామంది పట్టిక పాడవుతుంది. ఊరు లేదు కదా అని ఒకేరోజు 30 పెట్టేస్తారు. దానికి బదులు ఇలా చేయండి. ఓర్వకల్లు నుంచి 15 నడిచి, ఆగిన చోట కిలోమీటరు రాయికి ఫోటో తీసుకోండి, ఫోన్ మ్యాప్‌లో ఆ చోటును సేవ్ చేసుకోండి. అక్కడి నుంచి బస్సో షేర్ ఆటోనో ఎక్కి వెనక్కో ముందుకో గది ఉన్న ఊరికి వెళ్లి పడుకోండి. పొద్దున మళ్లీ ఆ రాయి దగ్గరే దిగి అక్కడి నుంచి నడవండి. ఒక్క అడుగు కూడా వదిలిపెట్టినట్టు కాదు, మొక్కుకు లోటు రాదు. మొదట అక్క దీనికి ఒప్పుకోలేదు. నడక నడకే, బండెక్కితే వ్రతం చెడుతుందంది. ఆ రాయి మీద చేయి పెట్టి దణ్ణం పెట్టుకుని బస్సెక్కి, మర్నాడు అదే రాయికి దణ్ణం పెట్టి నడక మొదలుపెట్టింది. ఆ తర్వాత అయిదారుచోట్ల మాకు ఇదే దారి చూపింది.

బస కోసం నంద్యాల లాంటి పెద్ద ఊళ్లో రెండు మూడు రాత్రులు ఒకే గది ఉంచుకుని, ముందు వెనక రోజుల్లో బస్సులో వెళ్లి వస్తూ నడవొచ్చు. సంచీ గదిలోనే ఉంటుంది. చేతిలో నీళ్ల సీసా, జాకెట్ చాలు. బరువు లేని ఆ రోజులు కూడా కాళ్లకు సగం విశ్రాంతే.

వారాల వారీగా మా పట్టిక

మొదటి వారం 92 కిలోమీటర్లు. మొదటి రోజు శంషాబాద్ దాకా 12 మాత్రమే. ఆ రోజు ఉత్సాహంతో ఇంకో పది నడవగలమనిపిస్తుంది, వద్దు. రెండు నుంచి నాలుగో రోజు దాకా 15 చొప్పున, అయిదో రోజు జడ్చర్లకు 18. ఆరో రోజు జడ్చర్లలోనే పూర్తి విశ్రాంతి. ఏడో రోజు భూత్పూర్‌కు 17. మొదటి విశ్రాంతి ఏడో రోజుకు కాకుండా ఆరో రోజుకే ఎందుకంటే, బొబ్బలు లేచేది మూడు నుంచి అయిదో రోజు మధ్యలో. వాటికి ఒక రోజు గాలి తగిలితే ఎండిపోతాయి. ఇంకో రెండు రోజులు నలిగితే పగిలి పుండవుతాయి.

రెండో వారం 116. అడ్డాకుల, కొత్తకోట, పెబ్బేరు మీదుగా బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, పదమూడో రోజు కర్నూలు. రోజులు 17 నుంచి 22 దాకా. ఈ వారం అందరికీ బాగుంటుంది. ఊపిరి అందుతుంది, పిక్కలు గట్టిపడతాయి, నడక లయలో పడుతుంది. బీచుపల్లిలో పొద్దున్నే ఆంజనేయస్వామిని చూసుకుని బయల్దేరిన రోజు మాకు 22 కిలోమీటర్లు నడిచినట్టే అనిపించలేదు. పద్నాలుగో రోజు కర్నూలులో విశ్రాంతి.

మూడో వారం 91. ఇక్కడ వేగం తగ్గించాం. కర్నూలు నుంచి నంద్యాలకు ఉన్న 71 కిలోమీటర్లను అయిదు రోజులకు పంచాం, రోజుకు 13 నుంచి 15. ఇరవయ్యో రోజు నంద్యాలలో విశ్రాంతి, మర్నాడు ఆళ్లగడ్డ దారిలో 20.

నాలుగో వారం 117. ఆళ్లగడ్డ, చాగలమర్రి, దువ్వూరు, మైదుకూరు, కడప. ఇరవై ఏడో రోజు కడపలో విశ్రాంతి. ఆ మర్నాడు 13.

అయిదో వారం మళ్లీ 95. ఇరవై తొమ్మిదో రోజు 12 నడిచి తొమ్మిది గంటలకల్లా ఒంటిమిట్ట చేరి, కోదండరాముడి గుడిలో తీరిగ్గా కూర్చున్నాం. తర్వాత నందలూరు, రాజంపేట, కోడూరు. నందలూరు నుంచి రాజంపేటకు 10 కిలోమీటర్లే. కావాలనే అలా వదిలాం, అన్నమయ్య పుట్టిన తాళ్లపాక అక్కడే కదా. కోడూరులో ఒక రోజు విశ్రాంతి, మర్నాడు అడవి దారి మొదలు. ఆ తర్వాత తిరుపతికి ఇంకా రెండు రోజుల నడక, ఒక విశ్రాంతి, కొండ.

మొత్తంలో నడిచిన రోజులు కొండ కాక 32, విశ్రాంతి ఆరు. నడిచిన రోజుల సగటు 17. మొదటిసారి మేం వేసుకున్న 25తో పోల్చి చూడండి.

బాగున్నప్పుడే మూడో వారం ఎందుకు తగ్గించాలి

దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎవరూ ఒప్పుకోని మాట ఇదే. రెండు వారాలు నడిచాక కాళ్లు అలవాటు పడ్డాయి, ఇప్పుడే కదా 25, 30 లాగాల్సింది అంటారు. అలవాటు పడింది కండరాలు, ఊపిరి. ఎముకలు ఇంకా పడలేదు.

ఎముక మీద రోజూ కొత్త భారం పడుతుంటే అది తనను తాను మళ్లీ కట్టుకుంటుంది. ముందు పాత పదార్థాన్ని అక్కడక్కడా తొలిచి, తర్వాత గట్టిది నింపుతుంది. తొలిచే పని మూడు వారాల్లో అయిపోతుంది. నింపే పనికి నెలలు పడుతుంది. అంటే మూడో వారం, నాలుగో వారం నాటికి మీ పాదం ఎముకలు, మోకాలి కింది ఎముక బయల్దేరిన రోజు కన్నా కాస్త బలహీనంగా ఉంటాయి. మనసేమో అప్పుడే ఎక్కువ నడవమంటుంది. ఎముకలో సన్నని పగులు వచ్చేది ఆ రెండూ కలిసినచోటే. మడమ వెనక స్నాయువు, అరికాలి కింద పట్టీలా ఉండే పొర కూడా ఇంచుమించు ఇంత నెమ్మదిగానే గట్టిపడతాయి.

బావకు మొదటి వారంలోనే వచ్చింది కదా అంటారేమో. పరీక్ష నడక ఏమీ చేయకుండా మొదటి రోజే 25తో మొదలుపెడితే మూడో వారం దాకా ఆగాల్సిన పని కూడా ఉండదు.

కాబట్టి రెండు వారాలు పెంచారంటే మూడో వారం అంతకు ముందుదానిలో నాలుగింట మూడొంతులకు దించండి. మళ్లీ నాలుగో వారం పెంచి, అయిదో వారం దించండి. దించమంటే రోజుల తరబడి ఖాళీ పెట్టమని కాదు. రోజూ నడుస్తూనే తక్కువ నడవాలి. పూర్తిగా మూడు నాలుగు రోజులు ఆగితే కాళ్లు బిగుసుకుపోతాయి, మళ్లీ మొదలుపెట్టడం కష్టమవుతుంది.

విశ్రాంతి రోజు అంటే ఏమిటి

కర్నూలులో విశ్రాంతి ఉంది కదా అని అలంపురం, నంద్యాలలో విశ్రాంతి కదా అని మహానంది, ఆళ్లగడ్డ దాకా వచ్చాం కదా అని అహోబిలం. ఇవన్నీ చూడాల్సిన క్షేత్రాలే, కాదనను. కానీ గుడి ప్రాకారాలు, మెట్లు, వీధులు తిరిగితే వట్టికాళ్లతో ఆరేడు కిలోమీటర్లు తెలియకుండానే అయిపోతాయి. అహోబిలంలో ఎగువకు, అక్కడి నుంచి నవ నరసింహుల దగ్గరికి ఎక్కడమంటే అదే ఒక రోజు నడక. దాన్ని విశ్రాంతి రోజుగా రాసుకోకండి. వెళ్లాలంటే నడక రోజుగానే లెక్కేసి, దాని పక్కన ఇంకో ఖాళీ రోజు పెట్టుకోండి. మేం నంద్యాల నుంచి బస్సులో మహానంది వెళ్లి, దర్శనం చేసుకుని, కోనేటి దగ్గర కూర్చుని మధ్యాహ్నానికి గదికి వచ్చేశాం. దూరం రెండు కిలోమీటర్లు దాటలేదు.

విశ్రాంతి రోజు పొద్దున కాళ్లను వెలుతురులో చూసుకోండి. గోళ్లు కత్తిరించుకోండి. వేలి చివర నల్లబడుతుంటే బూటు ఇరుకైందని అర్థం. రోజుల తరబడి నడిస్తే పాదం ఉబ్బుతుంది కాబట్టి బూటు ఒక సైజు పెద్దదే కొనాలి. బూట్ల అడుగు ఏ వైపు అరిగిందో తిప్పి చూడండి. మధ్యాహ్నం గోడకు కాళ్లు ఆనించి ఓ అరగంట పడుకుంటే వాపు దిగడం మీకే తెలుస్తుంది.

విశ్రాంతి మర్నాడు వీలైనచోటల్లా చిన్న రోజే పెట్టండి. కడప నుంచి ఒంటిమిట్ట 25 కిలోమీటర్లు ఒక్కరోజులో పోవచ్చు. మేం దాన్ని 13, 12గా విరగ్గొట్టింది అందుకే.

నడుస్తుండగా పట్టిక మార్చడం

నొప్పులన్నీ ఒకటి కావు. రెండు కాళ్లలోనూ సమానంగా ఉండి, అరగంట నడిచేసరికి తగ్గిపోయే నొప్పి మామూలు అలసట. నడక ఆపక్కర్లేదు. ఒక్క కాల్లోనే ఉండి, నడిచేకొద్దీ పెరిగేది వేరు. అది వచ్చిన రోజు దగ్గరి ఊళ్లో ఆగిపోయి, మరుసటి రెండు రోజుల దూరాన్ని సగం చేయండి. మూడో రకం బావకు వచ్చింది: ఎముక మీద ఒకేచోట నొక్కితే ప్రాణం పోయేంత నొప్పి, లేదా రాత్రి పడుకున్నా లాగే నొప్పి, లేదా కుంటకుండా అడుగు వేయలేకపోవడం. అప్పుడు పట్టిక మూసేసి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. నొప్పి మాత్ర వేసుకుని ఆ రోజు నడిస్తే మాత్ర నొప్పిని కప్పేస్తుంది, పగులును కాదు.

ఇంకొకటి చాలామందికి తట్టదు. హైవే మధ్యలో ఎత్తుగా, అంచుల్లో వాలుగా ఉంటుంది. రోజూ కుడి అంచునే నడిస్తే కుడి పాదం ఎప్పుడూ పల్లంలో, ఎడమ పాదం ఎత్తులో పడుతుంది. పది రోజుల తర్వాత ఒక మోకాలి బయటి వైపో, ఒక తుంటిలోనో నొప్పి మొదలవుతుంది. దానికి దూరం తగ్గించడం మందు కాదు. సర్వీసు రోడ్డు ఉన్నచోట దాని మధ్యలో నడవండి, మట్టి అంచు చదునుగా ఉంటే దాని మీద నడవండి. అక్కకు పెబ్బేరు దగ్గర మొదలైన మోకాలి నొప్పి సర్వీసు రోడ్డుకు మారిన రెండు రోజుల్లో పోయింది.

ఒక రోజు పోతే దాన్ని మర్నాటి దూరంలో కలపకండి. 15 నడవాల్సిన రోజు వానకు ఆగిపోయి, మర్నాడు 32 నడిచేసి లెక్క సరిచేశామనుకుంటారు. ఆ రోజు పోయింది, అంతే. పట్టిక మొత్తం ఒక రోజు వెనక్కి జరపండి. టికెట్ ముందు వదిలిన రెండు మూడు రోజులు ఇందుకే. మేం దువ్వూరులో ఒక రోజు జ్వరానికి పోగొట్టుకున్నాం. తిరుపతిలో ఒక రోజు ఆలస్యంగా దిగాం, దర్శనానికి ఇంకా రెండు రోజులు చేతిలో ఉన్నాయి.

అడవి, ఆ తర్వాత కొండ

కోడూరు నుంచి తిరుపతికి 50 కిలోమీటర్లు. దీన్ని 17, 18, 15గా మూడు రోజులు చేశాం. మొదటి రోజు ఆగిన చోట రాయి ఫోటో తీసుకుని కోడూరుకే వెనక్కి వచ్చి పడుకున్నాం. రెండో రోజు మామండూరు దాటాక ఆగి రేణిగుంటలో పడుకున్నాం. అడవిలో చీకట్లో నడవకండి. పూర్తిగా తెల్లవారాక మొదలుపెట్టి మధ్యాహ్నానికి బయటపడేలా ఆ రెండు రోజుల దూరం ఉండాలి. నీళ్లు ఇద్దరికి మూడు లీటర్లకు తగ్గకుండా మోసుకెళ్లండి.

తిరుపతి చేరిన సాయంత్రమే అలిపిరి ఎక్కేయాలని ఉంటుంది. ఎదురుగా కొండ కనిపిస్తుంటే ఆగడం కష్టమే. అయినా ఒక రోజు ఆగండి. నెల పైన మీ కాళ్లు చదును నేల మీద నడిచాయి. అలిపిరి దారిలో 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్లు. గాలిగోపురం దాకా ఎడతెగని ఎక్కుడు, మధ్యలో కొంత చదును, చివర మోకాళ్ల పర్వతం. ఇన్నాళ్లూ పని లేకుండా ఉన్న తొడ కండరాలు ఒక్కసారిగా మేలుకుంటాయి. శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లే అయినా, రెండు కిలోమీటర్లలోనే అంత ఎత్తూ ఎక్కాలి కాబట్టి నిలువుగా ఉంటుంది. సుదూరం నుంచి నడిచి వచ్చినవాళ్లకు నేను అలిపిరే చెబుతాను.

2023 ఆగస్టులో అలిపిరి దారిలో చిరుత దాడిలో ఒక పాప చనిపోయాక పిల్లలకు, రాత్రి నడకకు ఆంక్షలు పెట్టారు. వేళలు, కాలినడక టోకెన్ల పద్ధతి మారుతూ ఉంటాయి. తిరుపతిలో ఆగే ఆ ఖాళీ రోజున దేవస్థానం కౌంటర్లో కనుక్కోండి. సంచీలు అలిపిరిలో లగేజీ కౌంటర్లో ఇచ్చేస్తే పైన తీసుకోవచ్చు.

పొద్దున ఆరు గంటలకు మొదలుపెట్టి, ప్రతి రెండు మూడు వందల మెట్లకూ ఒక నిమిషం నిలబడుతూ, మేం అయిదు గంటల్లో ఎక్కాం. దిగేటప్పుడు బస్సులో దిగండి. దిగే ప్రతి మెట్టూ మోకాలి చిప్ప మీద ఎక్కడం కన్నా ఎక్కువ భారం వేస్తుంది. దర్శనమయ్యాక లడ్డూలు సంచీలో సర్దుకుని బావ "మెట్ల దారినే దిగుదామా" అన్నాడు. అక్క బస్టాండు వైపు నడిచింది.